ఒకే సూత్రం, మూడు వ్యవస్థలు

జెడ్ ట్రాన్స్‌ఫామ్ అనేది వరుసగా వచ్చే కొలతల పట్టీని ఒక బీజగణిత సూత్రంగా మార్చే పద్ధతి. ఆ కొలతలు మైకు నుంచి సెకనుకు 8000 సార్లు తీసుకున్న ధ్వని శాంపిళ్లు కావచ్చు, గంటకొకసారి రాసుకున్న ఉష్ణోగ్రతలు కావచ్చు. n-వ కొలతను x[n] అనుకుంటే, ప్రతి కొలతనూ z^(−n)తో గుణించి అన్నింటినీ కూడగా వచ్చేదే ఆ పట్టీ జెడ్ ట్రాన్స్‌ఫామ్.

X(z) = Σ x[n] z^(−n)

ఇక్కడ n ఋణ అనంతం నుంచి ధన అనంతం వరకు నడుస్తుంది. z ఒక సంకీర్ణ సంఖ్య, అంటే ఒక తలం మీది బిందువు. రెండో ప్రపంచ యుద్ధకాలపు రాడార్ లక్ష్యాన్ని ఎడతెగకుండా కాక, పల్స్ పల్స్‌కీ మాత్రమే చూడగలిగేది. అలా విడివిడిగా అందే కొలతలతో పనిచేసే నియంత్రణ వ్యవస్థలకు సరిపడే గణితం కావలసివచ్చింది. విటోల్డ్ హ్యురెవిచ్ 1947లో దీనికి బాట వేయగా, కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ రగజీని, లోట్ఫీ జాడే 1952లో దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు.

అనంతంగా పదాలున్న మొత్తం కాబట్టి మొదట తేలాల్సింది ఒకటుంది: అసలు ఆ మొత్తం ఒక విలువకు చేరుతుందా? z తలంలో ఏయే బిందువుల దగ్గర చేరుతుందో ఆ బిందువులన్నీ కలిసిన భాగాన్ని అభిసరణ ప్రాంతం అంటారు. ఇంజనీరింగ్ తరగతుల్లో దీన్ని ఆర్‌ఓసీ అనే పిలుస్తారు. చాలామంది విద్యార్థులు సూత్రం రాసి, పక్కన ఆర్‌ఓసీని ఒక లాంఛనంలా చేరుస్తారు. నిజానికి ఆ పక్కన రాసే చిన్న అసమానత లేకపోతే సూత్రం సగం సమాచారమే ఇస్తుంది. ఎందుకో ఒక చిన్న ఉదాహరణతో తేలిపోతుంది.

సున్నా క్షణం నుంచి మొదలై ప్రతిసారీ సగమవుతూ పోయే పట్టీ తీసుకుందాం: 1, 0.5, 0.25, 0.125, అలా. అంతకు ముందున్నవన్నీ సున్నాలు. దీని జెడ్ ట్రాన్స్‌ఫామ్ ఒక గుణశ్రేఢి, సామాన్య నిష్పత్తి 0.5/z. గుణశ్రేఢుల గణితం చెప్పేదే ఇక్కడా వర్తిస్తుంది. నిష్పత్తి పరిమాణం 1 కన్నా తక్కువైతే శ్రేఢి మొత్తం 1/(1 − 0.5 z^(−1)) అవుతుంది. అంటే z మూలబిందువుకు 0.5 కన్నా ఎక్కువ దూరంలో ఉండాలి. z = 1 దగ్గర చూస్తే 1 + 0.5 + 0.25 + … కలిపితే 2, సూత్రమూ 2 అనే చెబుతుంది. z = 0.25 దగ్గర మాత్రం నిష్పత్తి 2 అయిపోతుంది. 1 + 2 + 4 + 8 అంటూ మొత్తం అంతులేకుండా పెరుగుతుంది. అయినా సూత్రంలో 0.25 పెడితే అది −1 అని జవాబిస్తుంది. అన్నీ ధన సంఖ్యలైన ఈ మొత్తానికి −1తో ఏ సంబంధమూ లేదు.

అయితే ఆ −1 వట్టి పొరపాటు కాదు, అది వేరే పట్టీ తాలూకు జవాబు. సున్నా క్షణం నుంచీ ముందుకు అన్నీ సున్నాలై, గతంలో n = −1 దగ్గర −2, n = −2 దగ్గర −4, n = −3 దగ్గర −8, ఇలా వెనక్కి పోయేకొద్దీ రెట్టింపయ్యే పట్టీ ఉందనుకుందాం. z = 0.25 దగ్గర దాని మొత్తం −0.5 − 0.25 − 0.125 − …, అంటే సరిగ్గా −1. ఈ పట్టీకి వచ్చే సూత్రం కూడా అదే, 1/(1 − 0.5 z^(−1)). తేడా అంతా ప్రాంతంలోనే ఉంది. మొదటి పట్టీ 0.5 వ్యాసార్థం ఉన్న వృత్తానికి బయట చెల్లుతుంది, రెండోది లోపల చెల్లుతుంది. కాబట్టి సూత్రాన్ని చూపించి, ఇది ఏ పట్టీదని అడిగితే, ప్రాంతం తెలియకుండా జవాబు చెప్పలేం.

ఈ ప్రాంతాలు ఎప్పుడూ వృత్తాల హద్దులతోనే వస్తాయి. పదాల పరిమాణాలు కలిపితే మొత్తం పరిమితంగా ఉంటుందా లేదా అనేది z మూలబిందువు నుంచి ఎంత దూరంలో ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది, ఏ దిక్కున ఉందన్నది లెక్కలోకి రాదు. భవిష్యత్తు వైపు సాగే భాగం z పెద్దదవ్వాలని కోరుతుంది, ఎందుకంటే z^(−n) అప్పుడే ఆ పదాలను తొక్కిపట్టగలదు. గతం వైపు సాగే భాగం z చిన్నదవ్వాలని కోరుతుంది. రెండు వైపులా సాగే పట్టీకి ఈ రెండు కోరికలూ ఒకేచోట తీరాలి, అందుకే ప్రాంతం ఒక వలయంలా వస్తుంది. ఒక్కోసారి తీరవు కూడా. రెండు వైపులా రెట్టింపవుతూ పోయే పట్టీకి కుడి భాగం 2 కన్నా పెద్ద దూరం కావాలంటుంది, ఎడమ భాగం 0.5 కన్నా చిన్నది కావాలంటుంది. ఆ పట్టీకి జెడ్ ట్రాన్స్‌ఫామే లేదు.

సూత్రం ఒక భిన్నంలా ఉన్నప్పుడు హద్దులు ఎక్కడ పడతాయో కనుక్కోవడం సులువు. హారం సున్నా అయ్యే బిందువుల దగ్గర భిన్నం అనంతమవుతుంది. వాటిని పోల్స్ అంటారు. అభిసరణ ప్రాంతంలో పోల్ ఉండటానికి వీల్లేదు. అందువల్ల ప్రతి పోల్ గుండా మూలబిందువు కేంద్రంగా ఒక వృత్తం గీస్తే, తలం వలయాలుగా విడిపోతుంది. ఆ వలయాల్లో ఏదో ఒకటే, మొత్తంగా, అభిసరణ ప్రాంతం అవుతుంది.

ఇప్పుడు రెండు పోల్స్ ఉన్న ఒక వ్యవస్థను చివరిదాకా లెక్క కట్టి చూద్దాం. దాని బదిలీ ప్రమేయం ఇది:

H(z) = 1 / (1 − 2.5 z^(−1) + z^(−2))

పైనా కిందా z²తో గుణిస్తే హారం z² − 2.5z + 1 అవుతుంది. ఈ వర్గ సమీకరణానికి మూలాలు 0.5, 2. అవే పోల్స్. రెండు వృత్తాలు గీయగానే తలం మూడు ముక్కలవుతుంది: 0.5 వృత్తం లోపలి భాగం, 0.5కీ 2కీ మధ్య ఉన్న వలయం, 2 వృత్తానికి బయటి భాగం. అంటే ఈ ఒక్క సూత్రం వెనక మూడు వేర్వేరు వ్యవస్థలు ఉన్నాయి. వాటిని విడదీయడానికి పాక్షిక భిన్నాలు చాలు.

H(z) = −(1/3) / (1 − 0.5 z^(−1)) + (4/3) / (1 − 2 z^(−1))

ప్రతి ముక్క పైన చూసిన ఒంటి పోల్ ఉదాహరణ లాంటిదే. ఎంచుకున్న ప్రాంతం ఆ పోల్‌కు బయట ఉంటే ముక్క భవిష్యత్తు వైపు సాగుతుంది, లోపల ఉంటే గతం వైపు సాగుతుంది.

బయటి భాగాన్ని ఎంచుకుంటే రెండు ముక్కలూ ముందుకే సాగుతాయి. వ్యవస్థకు సున్నా క్షణంలో 1 అనే ఒక్క తట్టు ఇస్తే బయటికొచ్చే ఇంపల్స్ రెస్పాన్స్ 1, 2.5, 5.25, 10.625, 21.3125 అంటూ పోతుంది. 2ⁿ ఉన్న ముక్క దాన్ని పైకి ఎగదోస్తూనే ఉంటుంది. లోపలి భాగాన్ని ఎంచుకుంటే రెండు ముక్కలూ వెనక్కి తిరుగుతాయి. n = −2 దగ్గర 1, −3 దగ్గర 2.5, −4 దగ్గర 5.25, అవే అంకెలు అద్దంలో బొమ్మలా గతంలోకి పెరుగుతాయి. మధ్య వలయంలో మాత్రం 0.5 పోల్ ముక్క ముందుకూ, 2 పోల్ ముక్క వెనక్కీ వెళతాయి. n = −1 దగ్గర −2/3, దానికి ఇరుపక్కలా −1/3, ఆపైన −1/6, −1/12 అంటూ రెండు వైపులా సమానంగా అణిగిపోతుంది. ఈ మూడు పట్టీల్లో ఏదీ మరొకదాన్ని పోలి ప్రవర్తించదు, మూడింటికీ సూత్రం మాత్రం ఒక్కటే.

ఈ మూడింట్లో కారణబద్ధమైనది ఏదో, స్థిరమైనది ఏదో ప్రాంతాన్ని చూసి చెప్పవచ్చు. కారణబద్ధత అంటే వ్యవస్థ ఇచ్చే జవాబు ఇప్పటిదాకా అందిన కొలతల మీదే ఆధారపడటం, ఇంకా రాని కొలతల అవసరం లేకపోవడం. ఇంజనీర్లు దీన్ని కాజాలిటీ అంటారు. తట్టు సున్నా క్షణంలో ఇచ్చినప్పుడు దానికి జవాబు అంతకు ముందే రాకూడదు కాబట్టి, ఇంపల్స్ రెస్పాన్స్ ఋణ క్షణాలన్నింటిలోనూ సున్నాగా ఉండాలి. అలాంటి పట్టీకి ప్రాంతం అన్నిటికన్నా బయటి పోల్ అవతల మొదలై అనంతం దాకా పోతుంది. మన మూడింట్లో 2 వృత్తానికి బయటి భాగం ఒక్కటే ఈ పరీక్షలో నిలుస్తుంది.

ఇక్కడ "అనంతం దాకా" అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. z²/(z − 0.5) అనే సూత్రానికి 0.5 వృత్తం బయటి భాగాన్ని ఇస్తే చూడటానికి కారణబద్ధంగానే ఉంటుంది. కానీ z పెరిగేకొద్దీ ఈ భిన్నం కూడా హద్దు లేకుండా పెరుగుతుంది, అంటే అనంత బిందువు ప్రాంతంలో లేదు. దీని పట్టీ విప్పితే మొదటి 1 సున్నా క్షణంలో కాక n = −1 దగ్గరే వస్తుంది. ఒక్క మెట్టు ముందుగా వచ్చినా అది భవిష్యత్తును చూసినట్టే. z ఘాతాల్లో రాసినప్పుడు లవం ఘాతం హారం ఘాతాన్ని మించితే ఈ చిక్కు వస్తుంది. పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇలాంటి చోటే, ఎందుకంటే ప్రాంతం బొమ్మ గీసినప్పుడు అనంతం కనబడదు.

స్థిరత్వం వేరే సంగతి. లోపలికి వెళ్లేది ఒక హద్దులో ఉన్నంతకాలం బయటికొచ్చేది కూడా ఏదో ఒక హద్దులో ఉంటే ఆ వ్యవస్థ స్థిరమైనది. ఏ క్షణంలోనైనా అవుట్‌పుట్ అంటే ఇన్‌పుట్ కొలతలను ఇంపల్స్ రెస్పాన్స్ అంకెలతో గుణించి కలిపిన మొత్తం. కాబట్టి ఆ అంకెల పరిమాణాలన్నీ కలిపితే పరిమిత సంఖ్య రావాలి. అది వస్తే అవుట్‌పుట్ ఎప్పుడూ ఇన్‌పుట్ హద్దుకు అన్ని రెట్లలోపే ఉంటుంది. ఇక జెడ్ ట్రాన్స్‌ఫామ్‌లో z పరిమాణం 1 అయినప్పుడు z^(−n) పరిమాణం కూడా 1 అవుతుంది, దాంతో పదాల పరిమాణాల మొత్తం సరిగ్గా ఇదే మొత్తం అవుతుంది. అందుకే స్థిరత్వ పరీక్ష ఒక్క ప్రశ్నలో ఇమిడిపోతుంది: వ్యాసార్థం 1 ఉన్న వృత్తం, అంటే యూనిట్ సర్కిల్, అభిసరణ ప్రాంతంలో ఉందా?

మన ఉదాహరణలో 1 అనేది 0.5కీ 2కీ మధ్య పడుతుంది. కాబట్టి మధ్య వలయపు వ్యవస్థ ఒక్కటే స్థిరమైనది. దాని అంకెల పరిమాణాలు కలిపితే నడిమి 2/3కు రెండు పక్కల నుంచీ చెరి 2/3 చేరి, మొత్తం సరిగ్గా 2 వస్తుంది. ఇన్‌పుట్ ఎప్పుడూ 1 దాటకపోతే అవుట్‌పుట్ 2 దాటదన్నమాట.

పోల్ సరిగ్గా యూనిట్ సర్కిల్ మీదే ఉంటే వృత్తం ప్రాంతంలోకి రాదు, వ్యవస్థ స్థిరం కాదు. ఇన్‌పుట్‌ను కలుపుకుంటూ పోయే y[n] = y[n−1] + x[n] దీనికి మంచి ఉదాహరణ. ఒక్క తట్టు ఇస్తే అది 1 దగ్గరే ఆగి ఉంటుంది, ప్రమాదంగా ఏమీ కనిపించదు. కానీ లోపలికి ప్రతిసారీ 1 ఇస్తూ పోతే అవుట్‌పుట్ 1, 2, 3, 4 అని ఎక్కడా ఆగదు.

వృత్తం దాటడం అంటే ఎంత దాటాలన్న సందేహానికి పెళ్లి పందిట్లో మైకు మంచి జవాబు. స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకి వెళ్లి, యాంప్లిఫయర్ గుండా మళ్లీ స్పీకర్‌కే చేరినప్పుడు ఆ కూత పుడుతుంది. స్పీకర్ మైకుకు 8.5 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, ధ్వని సెకనుకు 340 మీటర్లు వెళుతుంది గనుక ఒక చుట్టుకు 25 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 8000 శాంపిళ్ల లెక్కన అది 200 శాంపిళ్లు. చుట్టు చుట్టుకూ శబ్దం a రెట్లవుతుందని, గది గోడలను, మైకు తీరును పక్కనపెట్టి లెక్క వేస్తే వ్యవస్థ ఇలా ఉంటుంది:

y[n] = x[n] + a·y[n−200]

దీనికి 200 పోల్స్ ఉంటాయి. అన్నీ ఒకే వృత్తం మీద సమదూరాల్లో నిలబడతాయి, ఆ వృత్తం వ్యాసార్థం a కు 200వ మూలం. a = 0.9 అయితే వ్యాసార్థం 0.99947, a = 1.1 అయితే 1.00048. కాగితం మీద గీస్తే ఈ రెండు వృత్తాలనూ యూనిట్ సర్కిల్ నుంచి కంటితో వేరు చేయలేం. కానీ సెకనుకు 40 చుట్లు తిరుగుతాయి కాబట్టి మొదటి దాంట్లో శబ్దం ఒక సెకనులో దాదాపు 67వ వంతుకు తగ్గి మాయమవుతుంది. రెండో దాంట్లో 45 రెట్లు పెరిగి యాంప్లిఫయర్ శక్తి అయిపోయేదాకా కూత పెడుతుంది. మైకు ఆపరేటర్ నాబ్ కాస్త తగ్గించినప్పుడు చేసేది ఆ 200 పోల్స్‌ను వృత్తం లోపలికి లాగడమే.

మళ్లీ మన రెండు పోల్స్ వ్యవస్థకు వస్తే, అక్కడ ఒక ముడి కనబడుతుంది. కారణబద్ధమైనది బయటి భాగం, స్థిరమైనది మధ్య వలయం, రెండూ ఒకటి కావు. 2 దగ్గర పోల్ ఉన్నంతకాలం కావు కూడా. ఒక వ్యవస్థ రెండూ కావాలంటే దాని ప్రాంతం బయటి పోల్ అవతల మొదలవ్వాలి, యూనిట్ సర్కిల్‌నూ కలుపుకోవాలి. అంటే పోల్స్ అన్నీ యూనిట్ సర్కిల్ లోపలే ఉండాలి. పాఠ్యపుస్తకాల్లో "పోల్స్ లోపలుంటే స్థిరం" అని చదివిన వాక్యం కారణబద్ధ వ్యవస్థకే చెల్లుతుంది. ఆ షరతు వదిలేసి అన్నింటికీ వర్తింపజేస్తే మధ్య వలయం లాంటి స్థిర వ్యవస్థను అస్థిరమని తీర్పు చెప్పాల్సివస్తుంది.

కంప్యూటర్ ప్రోగ్రాములు ఏ ప్రాంతమో అడగవు. పైథాన్‌లో కింది నాలుగు వరుసలు నడిపితే సంగతి తెలుస్తుంది.

```python
import numpy as np
from scipy.signal import lfilter
print(abs(np.roots([1, -2.5, 1])))
print(lfilter([1], [1, -2.5, 1], [1, 0, 0, 0, 0]))
```

మొదటి ప్రింట్ పోల్స్ దూరాలు 2, 0.5 అని చూపుతుంది. రెండోది 1, 2.5, 5.25, 10.625, 21.3125 అని చూపుతుంది. lfilter పాత జవాబుల నుంచి కొత్త జవాబు కడుతూ ముందుకే నడుస్తుంది. మనం చెప్పకపోయినా బయటి ప్రాంతాన్ని అదే ఎంచుకుందన్నమాట. అదే సమీకరణాన్ని తిప్పి y[n] = 2.5 y[n+1] − y[n+2] + x[n+2] అని రాసి చివరి నుంచి వెనక్కి నడిపిస్తే లోపలి ప్రాంతపు పట్టీ వస్తుంది. సమీకరణం ఒక్కటే, నడక దిశ మారింది.

మధ్య వలయపు వ్యవస్థ కావాలంటే రెండు నడకలూ కలపాలి. 0.5 పోల్ ముక్కను ముందుకు, 2 పోల్ ముక్కను వెనక్కి నడిపి జవాబులు కూడాలి. రికార్డు చేసి పెట్టుకున్న పాట, భూకంప తరంగాల నమోదు, ఫొటో లాంటివాటిలో ఇది మామూలు పనే. అక్కడ డేటా అంతా ముందే చేతిలో ఉంటుంది కాబట్టి "భవిష్యత్తు" అనేది పట్టీలో కుడి పక్కన ఉన్న అంకె మాత్రమే. ప్రత్యక్షంగా నడిచే వ్యవస్థలో అయితే కొంత ఆలస్యాన్ని ఒప్పుకోవాలి. జవాబును 10 శాంపిళ్లు ఆలస్యంగా ఇస్తామంటే ఇంపల్స్ రెస్పాన్స్‌లో n = −10 దాకా ఉన్న భాగం వాడుకోవచ్చు. అంతకన్నా గతంలో ఉన్న తోకను కోసేస్తే పోయేది, పరిమాణాల్లో, (4/3)/1024, అంటే సుమారు 0.0013. మొత్తం 2లో ఇది వెయ్యో వంతు కన్నా తక్కువ. ఫోన్ లెక్కన సెకనుకు 8000 శాంపిళ్లయితే 10 శాంపిళ్ల ఆలస్యం 1.25 మిల్లీసెకన్లు, చెవికి పట్టదు. ఇలా కోసిన భాగం 2 పోల్‌ను వాడదు, పరిమిత సంఖ్యలో గుణకాలతో నడిచే ఫిల్టరుగా మారుతుంది. అలాంటి ఫిల్టరుకు మూలబిందువు దగ్గర తప్ప పోల్స్ ఉండవు కాబట్టి అది ఎప్పుడూ స్థిరంగానే ఉంటుంది.

2 దగ్గర పోల్‌ను వదిలించుకోవడానికి కొందరికి తట్టే దగ్గరి దారి మరొకటుంది. లవంలో (1 − 2 z^(−1)) అనే కారణాంకం పెట్టి, పైనా కిందా కొట్టేయడం. కాగితం మీద మిగిలేది 1/(1 − 0.5 z^(−1)) మాత్రమే. పోల్ 0.5 దగ్గర, ప్రాంతం దాని బయట, కారణబద్ధం, స్థిరం. చిక్కు ఎక్కడొస్తుందంటే, కొట్టివేత అంకెలు అచ్చంగా సమానమైతేనే జరుగుతుంది. భౌతిక యంత్రంలో కొలిచిన విలువ గానీ, తక్కువ బిట్లలో దాచిన గుణకం గానీ 2కు బదులు 2.001 అయిందనుకుందాం. అప్పుడు 2 పోల్ ముక్క పోదు, దాని ముందున్న గుణకం −0.0005/0.75, అంటే దాదాపు −0.00067 అవుతుంది. మొదట్లో అవుట్‌పుట్ చూసినవారికి అది రొదలో కలిసిపోయి కనిపించదు. పదో శాంపిల్ దగ్గర అది −0.68కు చేరుతుంది, ఇరవయ్యో శాంపిల్ దగ్గర 2^20, అంటే 10,48,576తో గుణించబడి సుమారు −699 అవుతుంది. సెకనుకు 8000 శాంపిళ్ల వేగంతో ఇదంతా 2.5 మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. అందుకే పోల్స్ దూరాలు చూసేటప్పుడు కొట్టివేతలు చేయకముందున్న హారాన్నే np.roots కు ఇవ్వాలి. కొట్టేశాక మిగిలిన సూత్రాన్ని ఇస్తే 0.5 ఒక్కటే కనబడుతుంది, పేలబోయే పోల్ ఆ జాబితాలోనే ఉండదు.